ఒక్కొక్కరికి ఎంత ఖర్చు? నైపుణ్య శిక్షణ సంస్థల సీఎస్‌ఆర్ ప్రతిపాదన మెయిల్ వెనుక లెక్కలు

యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే స్వచ్ఛంద సంస్థలు నిధుల కోసం కంపెనీల సామాజిక బాధ్యత విభాగాలకు, అంటే సీఎస్‌ఆర్ విభాగాలకు, మెయిళ్లు రాస్తూనే ఉంటాయి. చాలావాటికి జవాబే రాదు. "ఇంత మంచి పని చేస్తున్నాం, ఒక్క ఫోన్ కూడా చేయరేం" అని సంస్థవాళ్లు నొచ్చుకుంటారు. "అందరూ ఒకేలా రాస్తారు, మాకు కావాల్సిన లెక్క మాత్రం ఎక్కడా ఉండదు" అని సీఎస్‌ఆర్ విభాగంలో వాళ్లు అంటారు. ఇద్దరి మాటా నిజమే. వీళ్లిద్దరి మధ్య ఒక చట్టం, దాని నిబంధనలు, కొన్ని తేదీలు ఉన్నాయి. వాటిని రెండు వైపులా సగం సగం అర్థం చేసుకోవడం వల్లే ఈ గందరగోళం ఎక్కువగా పుడుతోంది.

ఆ మెయిల్‌లో ఉండే ఒకే ఒక అంకె చుట్టూ ఈ వ్యాసం నడుస్తుంది. అది "ఒక్కొక్కరికి ఇంత ఖర్చు" అనే అంకె. చూడ్డానికి అది చాలా సూటిగా ఉంటుంది. కానీ ఎవరిని లెక్కలోకి తీసుకున్నాం అన్నదాన్నిబట్టి అదే సంస్థ, అదే పని, చౌకగానూ కనబడవచ్చు, ఖరీదుగానూ కనబడవచ్చు.

మెయిల్ చదివేది ఒకరు, ఒప్పుకోవాల్సింది ఇంకొకరు

ముందు డబ్బు ఎక్కడిదో చూద్దాం. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ దీని కిందికి వస్తుంది. గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. ఏ పనులకు ఖర్చు చేయవచ్చో ఆ చట్టంలోని ఏడవ షెడ్యూల్ చెబుతుంది. అందులో విద్యతోపాటు ఉపాధి పెంచే వృత్తి నైపుణ్యాలు, జీవనోపాధి కార్యక్రమాలు స్పష్టంగా ఉన్నాయి. కాబట్టి నైపుణ్య శిక్షణకు అర్హత ఉందా లేదా అన్న అనుమానమే అక్కర్లేదు. మెయిల్‌లో సగం పేజీ దాని మీదే రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

మెయిల్ తెరిచేది సాధారణంగా సీఎస్‌ఆర్ మేనేజరో, ఆ విభాగంలో ఉండే ఒక ఉద్యోగో. వాళ్లకు నచ్చినా డబ్బు ఇచ్చే అధికారం వాళ్లది కాదు. సీఎస్‌ఆర్ కమిటీ వార్షిక కార్యాచరణ ప్రణాళిక తయారుచేసి బోర్డుకు సిఫారసు చేయాలి, బోర్డు ఆమోదించాలి. సీఎస్‌ఆర్ బాధ్యత ఏడాదికి రూ.50 లక్షలు దాటని కంపెనీల్లో కమిటీ లేకుండా బోర్డే ఆ పని చేయవచ్చు. ఆ తరువాత, ఇచ్చిన డబ్బు ఆమోదించిన పనికే, ఆమోదించిన పద్ధతిలోనే ఖర్చయిందని కంపెనీ ముఖ్య ఆర్థికాధికారి ధ్రువీకరించాలి.

ఆ వార్షిక ప్రణాళికలో ఏం ఉండాలో కూడా నిబంధనల్లోనే ఉంది. చేపట్టే ప్రాజెక్టులు, వాటిని అమలుచేసే తీరు, డబ్బు వాడే పద్ధతి, కాలక్రమం, పర్యవేక్షణ, నివేదికల ఏర్పాటు, అవసరమైనచోట ప్రభావ అంచనా. మేనేజరు మన మెయిల్‌ను ఒక పేజీ నోట్‌గా మార్చి కమిటీ ముందు పెట్టాలంటే ఈ గడులన్నీ నిండాలి. మెయిల్‌లో ఆ సమాచారం లేకపోతే ఆమె మళ్లీ రాసి అడగాలి. ఇన్‌బాక్స్‌లో ఇంకా చాలా మెయిళ్లు ఉన్నప్పుడు ఆ పని వాయిదా పడుతుంది. జవాబు రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇంత మామూలుదే.

చదవకముందే ఆగిపోయే చోటు

ఒక విషయం త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్ నిధులతో పని చేపట్టే సంస్థ కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్‌ఆర్-1 ఫారం నింపి రిజిస్ట్రేషన్ నంబరు తీసుకోవాలి. కంపెనీతో సంబంధం లేని బయటి ట్రస్టు, సొసైటీ, లేదా లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ అయితే ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ, 80జీ నమోదులుండాలి. అలాంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం కూడా ఉండాలి. ఇవి లేని సంస్థకు డబ్బు ఇవ్వాలని మేనేజరుకు ఎంత ఉన్నా దారి ఉండదు. నిజంగా బాగా పనిచేసే రెండేళ్ల వయసు సంస్థ ఇక్కడే ఆగిపోతుంది. అది బాధ కలిగించే విషయమే. కానీ నిబంధన ఆ మేనేజరు చేతిలో లేదు.

ఒక ఊహాత్మక మెయిల్

ఇప్పుడు ఒక ఉదాహరణ. సంస్థ, అంకెలు అన్నీ లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. అసలు మెయిల్ ఇంగ్లీషులో వెళ్తుంది కానీ ఇక్కడ తెలుగులోనే చూద్దాం.

విషయం: హనుమకొండలో 120 మంది యువతులకు ఆసుపత్రి సహాయకుల శిక్షణ, రూ.25.20 లక్షలు, 2026-27 వార్షిక ప్రణాళిక పరిశీలన కోసం

నమస్కారం మేడమ్,

ఇంటర్ వరకు చదివి ఇంటి దగ్గరే ఉండిపోయిన యువతులకు మేము ఆరేళ్లుగా హనుమకొండలో జనరల్ డ్యూటీ అసిస్టెంట్ శిక్షణ ఇస్తున్నాం. మీ సీఎస్‌ఆర్ విధానంలో మహిళల ఉపాధికి ప్రాధాన్యం ఉందని చూసి రాస్తున్నాం.

గత ఏడాది 120 మంది చేరారు. 96 మంది కోర్సు పూర్తి చేసి పరీక్ష పాసయ్యారు. 80 మంది హైదరాబాద్, వరంగల్ ఆసుపత్రుల్లో ఉద్యోగాల్లో చేరారు. ఆరు నెలల తరువాత పనిలో ఉన్నది 30 మందే. మానేసినవాళ్లలో ఎక్కువమంది మొదటి నెలన్నరలోనే మానేశారు. మొదటి జీతం రాకముందే హాస్టల్ ఫీజు కట్టాల్సి రావడం, రాత్రి డ్యూటీల భయం, ఈ రెండు కారణాలే ఎక్కువమంది చెప్పారు.

మొదటి నెల హాస్టల్ ఫీజు తీసుకోని ఒక ఆసుపత్రిలో చేరిన 20 మందిలో 14 మంది నిలిచారు. మిగతా చోట్ల చేరిన 60 మందిలో 16 మందే నిలిచారు. అందుకే ఈసారి బడ్జెట్‌లో మొదటి నెల హాస్టల్ ఫీజు, ఉద్యోగంలో చేరాక ఆరు నెలలు వెంట ఉండే ఒక ఉద్యోగి జీతం కలిపాం. గత ఏడాది ఖర్చు రూ.19.20 లక్షలు. ఈసారి రూ.25.20 లక్షలు. 56 మంది ఆరు నెలలు నిలవాలన్నది మా లక్ష్యం.

బడ్జెట్, రిజిస్ట్రేషన్ నంబర్లు, మూడేళ్ల ఆడిట్ నివేదికలు జతచేశాం. అర్ధగంట మాట్లాడే వీలుంటే తెలియజేయగలరు.

మెయిల్ ఇంతే. కేంద్రం ఫొటోలు లేవు, సంస్థ చరిత్ర లేదు. చాలా సంస్థలు రాయడానికి భయపడే అంకె ఒకటి మాత్రం ఉంది. ఉద్యోగాల్లో చేరిన 80 మందిలో నిలిచింది 30 మందే అన్నది.

ఒకే ఖర్చుకు నాలుగు ధరలు

గత ఏడాది రూ.19.20 లక్షలను ఎన్ని రకాలుగా భాగించవచ్చో చూడండి. చేరిన 120 మందితో భాగిస్తే ఒక్కొక్కరికి రూ.16,000. పాసైన 96 మందితో భాగిస్తే రూ.20,000. ఉద్యోగంలో చేరిన 80 మందితో అయితే రూ.24,000. ఆరు నెలలు నిలిచిన 30 మందితో భాగిస్తే రూ.64,000.

నాలుగూ సరైన లెక్కలే. మొదటిది శిక్షణ ఇవ్వడానికి అయ్యే ఖర్చు చెబుతుంది. చివరిది ఒక అమ్మాయి ఉద్యోగంలో కుదురుకోవడానికి అయ్యే ఖర్చు చెబుతుంది. చిక్కంతా పక్కపక్కన రెండు ప్రతిపాదనలు పెట్టినప్పుడు వస్తుంది. ఒక సంస్థ "ఒక్కొక్కరికి రూ.16,000" అని, ఇంకో సంస్థ "ఒక్కొక్కరికి రూ.45,000" అని రాస్తే, మొదటిదే చౌక అని కమిటీలో ఎవరైనా అంటారు. మొదటివాళ్లు చేరినవాళ్లను, రెండోవాళ్లు నిలిచినవాళ్లను లెక్కపెట్టారని ఆ ఒక్క వాక్యంలో తెలియదు.

ఇప్పుడు మన ఉదాహరణలోని కొత్త బడ్జెట్ చూద్దాం. శిక్షకులు, ఊళ్లు తిరిగి అమ్మాయిలను చేర్పించే మొబిలైజర్, వెంట ఉండే ఉద్యోగి, వీళ్ల జీతాలు రూ.11.52 లక్షలు. కేంద్రం అద్దె, కరెంటు రూ.3.60 లక్షలు. యూనిఫారాలు, ల్యాబ్ సామగ్రి, పరీక్ష ఫీజులు రూ.4.44 లక్షలు. ఉద్యోగంలో చేరే 80 మందికి తలా రూ.4,200 చొప్పున హాస్టల్ ఫీజు రూ.3.36 లక్షలు. రికార్డుల నిర్వహణ రూ.60,000. సంస్థ కార్యాలయ ఖర్చుల్లో ఈ ప్రాజెక్టు వాటా రూ.1.68 లక్షలు. మొత్తం రూ.25.20 లక్షలు.

చేరేవాళ్లు, పాసయ్యేవాళ్లు, ఉద్యోగంలోకి వెళ్లేవాళ్లు గత ఏడాది లాగే ఉంటారనుకుందాం. అప్పుడు చేరిన ఒక్కొక్కరికి ఖర్చు రూ.16,000 నుంచి రూ.21,000కు పెరుగుతుంది. ఉద్యోగంలో చేరిన ఒక్కొక్కరికి రూ.24,000 నుంచి రూ.31,500 అవుతుంది. ఈ రెండే చూసేవాళ్లకు సంస్థ ఒక్క ఏడాదిలో ఖరీదైపోయినట్టు కనబడుతుంది. కానీ 56 మంది నిలిస్తే, నిలిచిన ఒక్కొక్కరికి ఖర్చు రూ.64,000 నుంచి రూ.45,000కు దిగుతుంది.

నా దృష్టిలో ఇంతకన్నా ఉపయోగపడే లెక్క ఇంకోటి ఉంది. కొత్తగా కలిపిన ఖర్చు రూ.6 లక్షలు, అంటే హాస్టల్ ఫీజులు రూ.3.36 లక్షలు, ఉద్యోగి జీతం రూ.2.64 లక్షలు. దానివల్ల అదనంగా నిలిచేది 26 మంది. అంటే అదనంగా నిలిచే ఒక్కొక్కరికి సుమారు రూ.23,000. శిక్షణ ఖర్చు ఎలాగూ పెట్టేశాక, ఆ పెట్టుబడి వృథా పోకుండా చూసుకోవడానికి అయ్యే ధర ఇది. ఇంకో బ్యాచ్ నడపడమా, ఉన్న బ్యాచ్‌లను నిలబెట్టడమా అని కమిటీ ఆలోచించేటప్పుడు పోల్చి చూడాల్సిన అంకె ఇదే.

ఆ 56 ఎంతవరకు నమ్మవచ్చు

జాగ్రత్తగా చదివే మేనేజరు ఇక్కడ ఆగి అడుగుతారు. 20 మందిలో 14 మంది నిలిచారు కాబట్టి 80 మందిలో 56 మంది నిలుస్తారని ఎలా అంటారు? ప్రశ్న న్యాయమైనదే. 20 మంది చిన్న సంఖ్య. ఒకరిద్దరు అటూ ఇటూ అయితే శాతం బాగా మారుతుంది. పైగా హాస్టల్ ఫీజు తీసుకోని ఆసుపత్రి మిగతా విషయాల్లోనూ మెరుగ్గా ఉండి ఉండవచ్చు. అక్కడి వార్డు ఇన్‌చార్జి కొత్త పిల్లలతో ఓపికగా ఉండే మనిషి కావచ్చు, జీతం నెల మొదటి తారీఖునే పడుతుండవచ్చు. అలాంటప్పుడు నిలవడానికి కారణం హాస్టల్ ఫీజు ఒక్కటే కాదు. వెంట ఉండే ఉద్యోగి ప్రభావం అసలు పరీక్షించనే లేదు.

అందుకని ఆ పోలికకు విలువ లేదనలేం. అది ఒక ఆధారం, రుజువు కాదు. మెయిల్ దాన్ని అలాగే చెప్పింది, 70 శాతం గ్యారంటీ అనలేదు. నిధులిచ్చేవాళ్లకు లెక్క ఎలా వచ్చిందో కనబడితే, దాన్ని తగ్గించి చూసుకునే వీలుంటుంది. ఉదాహరణకు 56 బదులు 40 మందే నిలిచారనుకుంటే ఒక్కొక్కరికి రూ.63,000 అవుతుంది. అంటే గత ఏడాదితో పోలిస్తే దాదాపు తేడా లేదు. కొత్త ఖర్చు గిట్టుబాటు కావాలంటే 40 మంది కన్నా ఎక్కువ నిలవాలన్నమాట. ఈ గీత ఎక్కడుందో తెలియడం కమిటీకి చాలా అవసరం.

"నిలిచారు" అనే మాట కూడా అనుకున్నంత సూటిగా ఉండదు. అదే ఆసుపత్రిలో ఉండాలా, ఎక్కడైనా పనిలో ఉంటే చాలా? మూడో నెలలో ఎక్కువ జీతానికి ఇంకో ఆసుపత్రికి మారిన అమ్మాయి మొదటి నిర్వచనంలో వైఫల్యం, రెండో నిర్వచనంలో విజయం. రెండోదే సరైనదని నేను అనుకుంటాను. కానీ దాన్ని రుజువు చేయడం కష్టం, ఎందుకంటే కొత్త యజమానికి సంస్థతో పరిచయం ఉండదు. దసరాకు ఇంటికి వెళ్లి రెండు వారాలు ఆలస్యంగా వచ్చిన అమ్మాయిని ఎటు వేయాలి అన్నలాంటి చిన్న ప్రశ్నలూ ఉంటాయి. నిర్వచనం ముందే రాసుకోకపోతే ఏడాది చివర ఎవరికి అనుకూలమైన అర్థం వాళ్లు తీసుకుంటారు.

ఇక రుజువుల సంగతి. ఆఫర్ లెటర్ అంటే ఉద్యోగం ఇస్తామన్న మాట మాత్రమే. ఆ అమ్మాయి వెళ్లి చేరిందని అది చెప్పదు. జీతం చీటీ, బ్యాంకు ఖాతాలో పడిన జీతం, పీఎఫ్ జమ, ఇవి ఒకదానికన్నా ఒకటి బలమైన ఆధారాలు. చిన్న నర్సింగ్ హోముల్లో, మనుషులను సరఫరా చేసే ఏజెన్సీల ద్వారా తీసుకున్నచోట ఇవి దొరక్కపోవచ్చు. అప్పుడు ఫోన్ చేసి మాట్లాడటం ఒక్కటే మిగులుతుంది. తప్పుడు లెక్కలు ఎక్కడ బయటపడతాయో కూడా చెప్పాలి. ముప్పై మంది ఒకే తేదీన ఒకే యజమాని దగ్గర ఒకే జీతానికి చేరినట్టు ఉండటం, వేర్వేరు పేర్ల పక్కన ఒకే ఫోన్ నంబరు ఉండటం, ప్రభుత్వ పథకం కింద శిక్షణ పొందిన బ్యాచ్‌నే సీఎస్‌ఆర్ బ్యాచ్‌గానూ చూపడం. చివరిది అన్నిటికన్నా పెద్ద తప్పు. అయితే ప్రభుత్వ పథకం శిక్షణ ఖర్చు భరిస్తుంటే, అది ఇవ్వని హాస్టల్ ఫీజు మాత్రమే సీఎస్‌ఆర్ నుంచి అడగడం తప్పేమీ కాదు. రెండు చోట్లా ఆ సంగతి రాసి ఉండాలి, అంతే.

ఫలితం వస్తేనే డబ్బు అంటే ఏమవుతుంది

నిలిచినవాళ్లే అసలు లెక్క అయితే, వాళ్లను బట్టే డబ్బు ఇస్తే సరిపోదా అన్న వాదన చాలా కాలంగా ఉంది. కేంద్ర ప్రభుత్వ పథకం దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతానికి ఉద్యోగం చూపాలన్న షరతు పెట్టింది. 2021లో జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, బ్రిటిష్ ఏషియన్ ట్రస్ట్, ఇంకొన్ని సంస్థలు కలిసి, ఫలితాలను బట్టి చెల్లింపులు జరిగే స్కిల్ ఇంపాక్ట్ బాండ్ మొదలుపెట్టాయి. 1.44 కోట్ల డాలర్లతో 50,000 మంది యువతకు, అందులో 60 శాతం మహిళలకు, శిక్షణ, ఉపాధి అన్నది లక్ష్యం. ఉద్యోగంలో చేరడం, మూడు నెలలు నిలవడం కూడా చెల్లింపులకు కొలతలయ్యాయి.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్ల మాటలో బలం ఉంది. తరగతి గది నింపినందుకే డబ్బు ఇస్తే గది నిండుతుంది, ఉద్యోగం ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. అభ్యంతరం చెప్పేవాళ్ల మాటలోనూ అంతే బలం ఉంది. ఫలితం మీదే డబ్బు ఆధారపడితే, శిక్షణ లేకపోయినా ఉద్యోగం తెచ్చుకోగలిగినవాళ్లనే సంస్థలు ఏరుకుంటాయి. హనుమకొండలో ఇల్లున్న డిగ్రీ అమ్మాయి నిలిచే అవకాశం ఎక్కువ. ములుగు అడవుల్లోని గూడెం నుంచి వచ్చే అమ్మాయి, చిన్న పాప ఉన్న తల్లి, వైకల్యం ఉన్న యువతి నిలవడం కష్టం. శాతం కోసం వీళ్లను తలుపు దగ్గరే వదిలేస్తే అంకె బాగుంటుంది, కానీ ఆ కార్యక్రమం ఎవరికోసం పెట్టారో వాళ్లకు అందదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఫలితం తేలేదాకా ఖర్చు పెట్టుకోవడానికి చిన్న సంస్థ చేతిలో డబ్బు ఉండదు. ఇంపాక్ట్ బాండ్‌లో ముందుగా డబ్బు పెట్టేవాళ్లు వేరే ఉంటారు. మామూలు సీఎస్‌ఆర్ ఒప్పందంలో అలాంటివాళ్లు ఉండరు.

కొందరు మధ్యే మార్గం పట్టుకుంటారు. వాయిదాల్లో ఎక్కువ భాగం పని జరుగుతున్న కొద్దీ ఇచ్చి, చివరి చిన్న భాగాన్ని మాత్రం నిలిచినవాళ్ల లెక్కకు ముడిపెడతారు. ఎవరిని చేర్చుకోవాలన్న షరతును కూడా దాని పక్కనే రాస్తారు. మన ఉదాహరణలో "కనీసం 40 మంది గిరిజన గూడేల నుంచి" అన్న ఒక్క వాక్యం ఉంటే, 56 అన్న లక్ష్యానికి అర్థమే మారిపోతుంది. అప్పుడు 48 మంది నిలిచినా అది మంచి ఫలితం కావచ్చు.

ఐదు శాతం దగ్గర వచ్చే గొడవ

మన బడ్జెట్‌లో సంస్థ కార్యాలయ వాటా రూ.1.68 లక్షలు, అంటే మొత్తంలో 6.67 శాతం. "చట్టం ప్రకారం 5 శాతం దాటకూడదు కదా" అని చాలా కంపెనీల నుంచి జవాబు వస్తుంది. ఇది చాలా విస్తృతంగా ఉన్న అపార్థం.

నిబంధన చెప్పేది వేరు. కంపెనీ తన సీఎస్‌ఆర్ విభాగాన్ని నడుపుకోవడానికి పెట్టే సాధారణ పరిపాలన ఖర్చు, ఆ ఏడాది కంపెనీ మొత్తం సీఎస్‌ఆర్ ఖర్చులో 5 శాతం దాటకూడదు. ఒక ప్రాజెక్టు రూపకల్పన, అమలు, పర్యవేక్షణ, మూల్యాంకనానికి నేరుగా అయ్యే ఖర్చు ఈ నిర్వచనంలోకే రాదు. అంటే శిక్షకుడి జీతం, వెంట ఉండే ఉద్యోగి జీతం, హాజరు రికార్డుల ఖర్చు ఈ 5 శాతంలో లెక్కించాల్సినవి కావు. ఆ పరిమితి కంపెనీ వైపు ఉన్నది. స్వచ్ఛంద సంస్థ బడ్జెట్‌కు పెట్టిన కొలత కాదు.

అయినా సీఎస్‌ఆర్ విభాగం వాదనను తోసిపుచ్చలేం. సంస్థ హైదరాబాద్ కార్యాలయం అద్దెలో, డైరెక్టర్ జీతంలో ఈ ప్రాజెక్టు వాటా ఎంత అన్నది ఆడిటర్‌కు చూపాలి. ఆధారం లేని గుండుగుత్త శాతం చూస్తే ఆర్థిక విభాగం అనుమానపడుతుంది. సంస్థల బాధ కూడా నిజమైనదే. జమాఖర్చులు రాసే మనిషి, ఆడిట్, బీమా లేకుండా ఏ కేంద్రమూ నడవదు. అవి ఎవరూ భరించకపోతే శిక్షకుడి జీతంలోనో, నాణ్యతలోనో కోత పడుతుంది. రెండు వైపులా ఒప్పుకునే రూపం చాలాసార్లు ఒకటుంటుంది. శాతం బదులు పని పేరు రాయడం. "కార్యాలయ ఖర్చులు 6.67 శాతం" అని కాకుండా "అకౌంటెంట్ సమయంలో పావు వంతు, ఆడిట్ ఫీజులో వాటా, బీమా" అని విడివిడిగా ఉంటే, అదే రూ.1.68 లక్షల మీద చర్చ తేలికవుతుంది. కంపెనీ తన అంతర్గత విధానంలో ఇంకా తక్కువ పరిమితి పెట్టుకుంటే అది దాని ఇష్టం. కానీ అది కంపెనీ నిర్ణయమని చెప్పాలి, చట్టమని కాదు.

జూన్‌లో వెళ్లిన మెయిల్, జనవరిలో వెళ్లిన మెయిల్

అదే మెయిల్ వేర్వేరు నెలల్లో వేర్వేరుగా చదవబడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు చాలా కంపెనీల్లో గత ఏడాది లెక్కలు తేలి, కొత్త ప్రణాళిక తయారవుతుంటుంది. ఆ తరువాత కూడా తగిన కారణం చూపి కమిటీ సిఫారసుతో బోర్డు ప్రణాళికను మార్చుకోవచ్చు, కానీ మేనేజరుకు అది అదనపు పని. జనవరి వచ్చేసరికి కథ మారుతుంది. ఖర్చు కాని డబ్బు మిగిలితే ఏం చేయాలన్న టెన్షన్ మొదలవుతుంది, ఫోన్లు కంపెనీ వైపు నుంచే రావడం మొదలవుతుంది.

శిక్షణ సంస్థకు ఇక్కడే పెద్ద ఇబ్బంది ఉంది. కంపెనీ డబ్బు బదిలీ చేసినంత మాత్రాన ఖర్చు చేసినట్టు కాదని, అమలు సంస్థ దాన్ని వాడినప్పుడే ఖర్చు కింద లెక్క అని కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో ఇచ్చిన వివరణల్లో స్పష్టం చేసింది. ఫిబ్రవరిలో రూ.25.20 లక్షలు వచ్చాయనుకోండి. నాలుగు బ్యాచ్‌లు, ఆ తరువాత ఆరు నెలలు వెంట ఉండటం, ఇదంతా మార్చి 31లోపు అయ్యే పని కాదు. ఆ తేదీకి సంస్థ వాడింది రూ.4 లక్షలే అయితే మిగతా రూ.21.20 లక్షలు కంపెనీకి ఖర్చు కాని సొమ్ము కిందే ఉంటుంది.

అప్పుడు ఆ డబ్బు ఎటు వెళ్లాలి అన్నది బోర్డు తీర్మానంలోని ఒక్క పదం మీద ఆధారపడుతుంది. ప్రాజెక్టును "కొనసాగుతున్న ప్రాజెక్టు"గా ఆమోదించి ఉంటే, మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక బ్యాంకు ఖాతాలో వేసి, తరువాతి మూడు ఆర్థిక సంవత్సరాల్లో అదే పనికి వాడవచ్చు. అలా ఆమోదించకపోతే ఆరు నెలల్లో, అంటే సెప్టెంబర్ 30లోపు, ఏడవ షెడ్యూల్‌లో చెప్పిన ప్రభుత్వ నిధుల్లో ఒకదానికి జమ చేయాలి. హనుమకొండలో రెండో బ్యాచ్ నడుస్తుండగా మూడో బ్యాచ్ డబ్బు అలా వెళ్లిపోతుంది. తప్పితే కంపెనీ మీద జరిమానా కూడా పడుతుంది. అందుకే ఆర్థిక విభాగాలు సంస్థ నుంచి వినియోగ ధ్రువపత్రం కోసం అంత పట్టుబడతాయి, ఒకేసారి కాకుండా వాయిదాల్లో డబ్బు ఇస్తాయి.

కాబట్టి మన ఉదాహరణలోని మెయిల్ జనవరిలో వెళ్లాల్సి వస్తే దానికి ఇంకో వాక్యం కావాలి. "ఈ ప్రాజెక్టు వచ్చే ఆర్థిక సంవత్సరంలోకి కొనసాగుతుంది. మార్చి 31లోపు మేము వాడగలిగేది మొదటి బ్యాచ్ శిక్షణ, సామగ్రి, కేంద్రం అద్దె కలిపి రూ.4 లక్షలు. మిగతాది ఏప్రిల్ నుంచి మూడు వాయిదాల్లో." ఆ వాక్యం చూశాక కొన్ని కంపెనీలు వెనక్కి తగ్గుతాయి, వాళ్లకు కావాల్సింది మార్చిలోపు పూర్తయ్యే పని. మిగతావి బోర్డు తీర్మానంలో ఆ పదం చేర్చడానికి ఎంత సమయం పడుతుందో కనుక్కుని జవాబు రాస్తాయి.